డంప్స్‌తో పాసైతే జవాబులే పట్టిస్తాయి

ఐటీ సర్టిఫికేషన్ పరీక్షల్లో చాలావాటికి ఫలితం ఆలస్యం కాదు. కొన్నిటికి సీట్లోంచి లేచేలోపే తెర మీద కనబడుతుంది, కొన్నిటికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వెంటనే డిజిటల్ బ్యాడ్జి, లింక్డిన్‌లో ఒక పోస్టు, కింద వందమంది అభినందనలు. అక్కడితో ఆ పరీక్ష సంగతి ముగిసిందనే అందరూ అనుకుంటారు. కొందరికి మాత్రం కొన్ని వారాలకో, నెలలకో ఇంకో మెయిల్ వస్తుంది. మీ పరీక్ష వివరాలను విశ్లేషించాం, ఫలితాన్ని రద్దు చేస్తున్నాం, ఇకపై మా పరీక్షలేవీ రాయడానికి మీకు అర్హత లేదు అన్నది దాని సారాంశం.

ఆ మెయిల్ అందుకున్నవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: 'ఎలా తెలిసింది?' హాల్లోకి చీటీ తీసుకెళ్లలేదు. ఫోన్ లాకర్లోనే ఉంది. పక్కవాడి తెర వైపు కన్నెత్తి చూడలేదు. వారం ముందు వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ను ఇంట్లో కూర్చుని బట్టీ పట్టిన సంగతి కెమెరాకు ఎలా తెలుస్తుంది?

కెమెరాకు తెలియదు. తెలిసేది జవాబులకు. లీకైన ప్రశ్నలు చదివి రాసిన మనిషి జవాబులు, సబ్జెక్టు చదివి రాసిన మనిషి జవాబులు ఒకేలా ఉండవు. మార్కులు సమానంగా వచ్చినా ఆ తేడా దాగదు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు గత ఇరవై ఏళ్లుగా ఈ తేడాను చదవడం నేర్చుకున్నాయి.

పీడీఎఫ్ ఎక్కడి నుంచి వస్తుంది

అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లకు 'డంప్స్' అంటే ఏమిటో వివరించక్కర్లేదు. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు, వాటి జవాబులతో సహా ఒక పుస్తకంగానో పీడీఎఫ్‌గానో అమ్మే సరుకు అది. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తున్న నాలుగైదు ప్రశ్నలు చెబుతారు, ఆ ముక్కలన్నీ అతికిస్తారు. కొన్ని ముఠాలు డబ్బిచ్చి మనుషుల్ని పరీక్షకు పంపుతాయి. వాళ్ల పని పాసవడం కాదు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని రావడం.

ఈ వ్యాపారం పాతదే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, వాంకూవర్‌లో ఉన్న ఒక వ్యాపారి మైక్రోసాఫ్ట్ పరీక్షల ప్రశ్నలను ఇంటర్నెట్‌లో అమ్మేవాడు. పాకిస్తాన్‌లోని ఒక కేంద్రంలో పరీక్ష తెరలను ఫొటోలు తీసిన వ్యక్తి దగ్గర ఆ ప్రశ్నలు కొన్నాడు. 2002లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అది కాపీరైటు కేసు కాదు, వ్యాపార రహస్యాల దొంగతనం కేసు. మరుసటి ఏడాది జైలు శిక్ష పడింది. అక్కడి చట్టం దృష్టిలో పరీక్ష ప్రశ్న అంటే కంపెనీ బీరువాలోని ఫార్ములా లాంటిదే.

అమ్మినవాడి సంగతి సరే, కొని చదివినవాడి తప్పేమిటి? పరీక్ష మొదలయ్యే ముందు తెర మీద ఒక ఒప్పందం వస్తుంది. ప్రశ్నలను ఎవరికీ చెప్పను, అనధికారికంగా బయటికొచ్చిన ప్రశ్నలను వాడను, సంస్థ నియమాలకు కట్టుబడతాను అని దాని భావం. 'అంగీకరిస్తున్నాను' నొక్కకపోతే పరీక్ష తెరుచుకోదు, కట్టిన ఫీజూ తిరిగి రాదు. మనలో చాలామంది దాన్ని చదవకుండానే నొక్కేస్తాం. నిషేధానికి ఆధారం ఆ నొక్కే. పోలీసు కేసు పెట్టనక్కర్లేదు, నేరం రుజువు చేయనక్కర్లేదు. ఒప్పందం తప్పారు కాబట్టి ఒప్పందంలో రాసిన చర్య తీసుకుంటున్నాం అంటే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ తన నియమాల్లో అనధికార ప్రశ్నల వాడకాన్ని పేరు పెట్టి మరీ అక్రమంగా చెబుతుంది. అలా చేసినవారిని భవిష్యత్తులో తన సర్టిఫికేషన్ పరీక్షలన్నిటి నుంచీ శాశ్వతంగా బహిష్కరించవచ్చనీ, ఇంతకుముందు తెచ్చుకున్న సర్టిఫికెట్లను కూడా వెనక్కి తీసుకోవచ్చనీ రాసుకుంది.

ఒక ప్రశ్న జీవితం

ఇంత కోపం ఎందుకో తెలియాలంటే ఒక ప్రశ్న ఎలా పుడుతుందో చూడాలి. ఆ రంగంలో పనిచేసే నిపుణుడు దాన్ని రాస్తాడు. మరో ముగ్గురు నలుగురు కూర్చుని సరైన జవాబు ఒక్కటే ఉందా, మాట తికమకగా ఉందా అని చూస్తారు. ఆ తర్వాత దాన్ని అసలు పరీక్షలోనే, మార్కులు లేకుండా, పరీక్షార్థులకు తెలియకుండా పెడతారు. అమెజాన్ వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలుంటే వాటిలో 15కు మార్కులు లెక్కపెట్టరు. ఏవి ఆ పదిహేనో రాసేవారికి చెప్పరు. వందల మంది జవాబులు వచ్చాక ఆ ప్రశ్న ఎంత కష్టం, తెలిసినవారిని తెలియనివారిని సరిగ్గా విడదీస్తోందా, సగటున ఎంత సమయం పడుతోంది అన్న లెక్కలు తేలుతాయి. అప్పుడే దానికి మార్కుల ప్రశ్నగా ప్రమోషన్. మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశానికి పెట్టే జీమ్యాట్ పరీక్ష సంస్థలో పనిచేసిన కొలత నిపుణుడు లారెన్స్ రడ్నర్, ఇలా ఒక్కో ప్రశ్న తయారు కావడానికి 1500 నుంచి 2500 డాలర్లు అవుతుందని అంచనా వేశాడు.

ఆ ప్రశ్న ఒక పీడీఎఫ్‌లోకి ఎక్కితే ఈ ఖర్చంతా వృథా. ఆ లీకు కూడా ముందుగా లెక్కల్లోనే కనబడుతుంది. నిన్నటిదాకా నూటికి 55 మంది సరిగ్గా రాసిన ప్రశ్నను ఈ నెల 80 మంది సరిగ్గా రాస్తున్నారనుకోండి. జనం ఒక్కసారిగా తెలివిమీరిపోలేదు. ప్రశ్న బయటికి పోయింది. ఏ వారం నుంచి ఆ పెరుగుదల మొదలైందో, ఏ ఊళ్లలో మొదలైందో చూస్తే లీకు ఎక్కడ జరిగిందో కూడా స్థూలంగా తెలుస్తుంది. దీనికితోడు సంస్థలే డంప్స్‌ను కొనుక్కుని, ఏ ప్రశ్నలు వాటిలో ఉన్నాయో, ఏవి లేవో జాబితా రాసుకుంటాయి. ఈ పని చేసిపెట్టడానికి ప్రత్యేకమైన కంపెనీలే ఉన్నాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2003లో మొదలైన కేవియాన్ వాటిలో పేరున్నది.

ఏ ప్రశ్నలు బయట తిరుగుతున్నాయో సంస్థకు తెలుసన్న ఈ ఒక్క విషయం డంప్స్ చదివేవాళ్లు ఊహించరు. పట్టుకోవడం మొదలయ్యేది ఇక్కడే.

ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు

ఒక లెక్క వేసి చూద్దాం. మనుషులూ అంకెలూ కల్పితమే, పద్ధతి మాత్రం నిజం. పరీక్షలో 65 ప్రశ్నలు, సమయం 130 నిమిషాలు. వాటిలో 45 ప్రశ్నలు ఇప్పటికే డంప్స్‌లో తిరుగుతున్నాయని సంస్థకు తెలుసు. మిగతా 20 ఈ మధ్యే చేర్చినవి, ఇంకా ఏ పీడీఎఫ్‌కూ ఎక్కలేదు. ఈ పరీక్షను ఇద్దరు రాశారు. మొదటి ఆమె ఆరు నెలలు ఆ పని చేస్తూ చదువుకుంది. రెండో అతను పది రోజులు డంప్స్ బట్టీ పట్టాడు.

ఆమె పాత ప్రశ్నల్లో 36, కొత్తవాటిలో 15 సరిగ్గా రాసింది. మొత్తం 51. అతను పాతవాటిలో 43, కొత్తవాటిలో 7 సరిగ్గా రాశాడు. మొత్తం 50. మార్కుల పత్రం మీద ఇద్దరికీ తేడా లేదు. ఇద్దరూ పాస్.

విడదీసి చూడండి. ఆమెకు పాత ప్రశ్నల్లో 80 శాతం, కొత్తవాటిలో 75 శాతం వచ్చింది. సబ్జెక్టు వచ్చినవారికి ప్రశ్న ఎప్పటిదన్నది పట్టదు కాబట్టి రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అతనికి పాతవాటిలో 95 శాతం దాటింది, కొత్తవాటిలో 35 శాతం. నాలుగు ఎంపికల్లో కళ్లు మూసుకుని ఒకటి గుర్తుపెట్టినా 25 శాతం వస్తుంది. అంటే బట్టీ పట్టిన పేజీలు దాటాక అతనికి తెలిసింది దాదాపు ఏమీ లేదు. కొత్త ప్రశ్నలు అందరికీ కష్టంగా ఉన్నాయేమో అన్న అనుమానం కూడా లెక్కలోకి వస్తుంది. అందరికీ కష్టమైతే ఆమెకూ, మిగతా వేలమందికీ మార్కులు అలాగే పడిపోవాలి. పడలేదు.

ఇక సమయం సంగతి. కంప్యూటర్ మీద రాసే పరీక్షలో ఏ ప్రశ్న ముందు ఎన్ని సెకన్లు గడిపారు, జవాబు మార్చారా, మారిస్తే దేని నుంచి దేనికి అన్నవన్నీ రికార్డవుతాయి. ఆమె పాత ప్రశ్నలకు సగటున 80 సెకన్లు, కొత్తవాటికి 90 సెకన్లు తీసుకుంది. మొత్తం గంటన్నర. అతను పాతవాటికి సగటున 14 సెకన్లు, కొత్తవాటికి 95 సెకన్లు తీసుకున్నాడు. మొత్తం 42 నిమిషాల్లో లేచి వచ్చేశాడు.

పద్నాలుగు సెకన్లంటే ఎంతో చూద్దాం. ఇలాంటి పరీక్షల్లో ప్రశ్న ఒక చిన్న కథలా ఉంటుంది. ఒక కంపెనీ, దాని అవసరం, బడ్జెట్టు, షరతులు, ఆపైన నాలుగు పొడవాటి జవాబులు. అన్నీ కలిపి వంద పదాలు దాటతాయి. నిమిషానికి 250 పదాలు చదివే మనిషికి వంద పదాలు చదవడానికే 24 సెకన్లు కావాలి. ఆలోచన ఆ తర్వాత. 14 సెకన్లలో సరైన జవాబు పెట్టాడంటే ప్రశ్న చదవలేదు, గుర్తుపట్టాడు. మొదటి వాక్యం చూడగానే 'దీనికి సి' అని వేలు పోయింది.

కొందరు వేగంగా చదువుతారు, కొందరు నిదానం. ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకునే సూత్రాలున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన విమ్ వాన్ డెర్ లిండెన్ 2006లో ప్రచురించిన పద్ధతిలో మనిషి వేగం వేరు, ప్రశ్న కోరే సమయం వేరు. ఈ రెండూ తెలిస్తే ఫలానా మనిషికి ఫలానా ప్రశ్న మీద ఎంతసేపు పట్టాలో అంచనా వస్తుంది. అతని వేగం ఏమిటో కొత్త 20 ప్రశ్నలు చెప్పేశాయి. ఆ వేగంతో పాత ప్రశ్నలకు 85 సెకన్ల చొప్పున పట్టాల్సింది, 14 పట్టింది. అంటే అతన్ని పోల్చింది ఇంకొకరితో కాదు, అతనితోనే.

ఈ సంగతి విన్నవాళ్లు కావాలని నెమ్మదిగా రాస్తే సరిపోతుందనుకుంటారు. సమయం ఒక్కటే చూస్తే అలా అనిపిస్తుంది. 95 శాతానికీ 35 శాతానికీ మధ్య గొయ్యి గడియారం చూసుకుంటూ కూర్చుంటే పూడదు. తరువాత చెప్పబోయే తప్పుల పోలికా మారదు.

ఒకే తప్పు పదిమంది చేస్తే

డంప్స్ రాసేవాళ్లు ఆ రంగంలో నిపుణులు కారు. గుర్తొచ్చిన ప్రశ్నకు తమకు తోచిన జవాబు పెడతారు. అందుకే వాటిలో తప్పు జవాబులు బోలెడుంటాయి. బట్టీ పట్టినవాళ్లు ఆ తప్పుల్ని కూడా భక్తిగా దింపుతారు.

సరైన జవాబు ఇద్దరికీ ఒకటే అయితే అనుమానించడానికేం లేదు. ఇద్దరూ చదువుకుని ఉండొచ్చు. తప్పు జవాబు సంగతి వేరు. నాలుగు ఎంపికల ప్రశ్నలో తప్పవడానికి మూడు దారులున్నాయి. మూడూ సమానంగా ఆకర్షించేవైతే, ఇద్దరూ తప్పు చేసిన ఒక ప్రశ్నలో ఒకే తప్పు పడే అవకాశం మూడింట ఒకటి. అలా ఆరు ప్రశ్నల్లోనూ ఒకే తప్పు చేయడమంటే 729లో ఒక వంతు. పన్నెండు ప్రశ్నల్లో అయితే ఐదు లక్షల ముప్పై వేలలో ఒకటి.

ఇక్కడ నిపుణులు రెండు జాగ్రత్తలు తీసుకుంటారు. మొదటిది, తప్పు జవాబులన్నీ సమానం కావు. ఒకటి చాలామందిని పడగొట్టే జవాబు అయితే అందులో ఇద్దరు పడడం వింతేమీ కాదు. అందుకని ప్రతి ఎంపికనూ ఆ స్థాయి మనుషులు ఎంతమంది ఎంచుకుంటారో చూసి లెక్కకడతారు. రెండోది, పోల్చే జంటల సంఖ్య. పదివేల మంది రాసిన పరీక్షలో ఒక్కొక్కరినీ మిగతా అందరితో పోలిస్తే దాదాపు ఐదు కోట్ల జంటలు వస్తాయి. లక్షలో ఒకసారి జరిగే పోలికను నేరంగా చూస్తే ఏ పాపం తెలియనివారిలోనే 500 జంటలు దొరుకుతాయి. అందుకే యాదృచ్ఛికంగా జరగడం దాదాపు అసాధ్యమన్నంత గట్టి పోలిక ఉంటే తప్ప ముందుకు వెళ్లరు. ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేని, వేర్వేరు ఊళ్లలో రాసిన ఇరవైమంది ఒకే తప్పుల వరుస దింపి, ఆ వరుస ఫలానా పీడీఎఫ్‌లోని జవాబులతో అక్షరాలా సరిపోయినప్పుడు ఇక వేరే వివరణ మిగలదు.

కొన్ని సంస్థలు ఇంకో అడుగు ముందుకేసి ఎర వేస్తాయి. మార్కులు లేని సులువైన ప్రశ్నను పరీక్షలో కలిపి, జవాబుల ఫైలులో మాత్రం కావాలని తప్పు జవాబు రాసిపెడతారు. ఆ ఫైలును ఎవరైనా దొంగిలిస్తే ఆ తప్పు జవాబే బజారుకు వెళుతుంది. సబ్జెక్టులో ఓనమాలు వచ్చినవాళ్లకు కూడా తెలిసే ప్రశ్నకు, ఎంతో కష్టమైనవన్నీ సరిగ్గా రాసిన మనిషి ఆ వింత తప్పే పెడితే, జవాబులు ఎక్కడి నుంచి వచ్చాయో అతనే చెప్పినట్టు. ఇంకో పద్ధతి, బయటికి పోయిన ప్రశ్నలోనే ఒక మాట మార్చడం. 'అతి తక్కువ ఖర్చుతో' అన్నచోట 'అతి తక్కువ అంతరాయంతో' అని మారుస్తారు. చదివినవారికి జవాబు మారుతుంది. గుర్తుపట్టినవారి వేలు పాత జవాబు మీదికే పోతుంది. డంప్స్‌కు డబ్బుపెట్టినవాళ్లు ఫెయిలయ్యాక అమ్మినవాణ్ని నిలదీయలేరు, ఇంకెవరికీ చెప్పుకోలేరు. దొంగకు తేలు కుట్టినట్లే.

కొన్న రశీదు కూడా మాట్లాడుతుంది

అన్నీ లెక్కలతోనే తేలవు. కొన్నిసార్లు అమ్మకందారే దొరుకుతాడు, అతనితో పాటు కొన్నవారి చిట్టా కూడా. జీమ్యాట్ ప్రశ్నలను నెలకు 30 డాలర్లకు చూపించిన స్కోర్‌టాప్ అనే వెబ్‌సైట్ మీద ఆ పరీక్ష సంస్థ అమెరికాలో దావా వేసింది. 2008 జూన్‌లో కోర్టు 23 లక్షల డాలర్ల పరిహారానికి తీర్పిచ్చింది. వెబ్‌సైట్ నడిపినవాడు అప్పటికే దేశం విడిచిపోయాడు. అతని కంప్యూటర్ హార్డ్ డిస్క్ మాత్రం సంస్థ చేతికి వచ్చింది. ఎవరు డబ్బు కట్టారు, ఎవరు ఏం రాశారు అన్నదంతా అందులో ఉంది.

ఆ సైట్‌కు డబ్బు కట్టినవారు వెయ్యి మందికి పైగా. బిజినెస్ స్కూళ్లలో చేరాలనుకున్నవాళ్లలో కలకలం రేగింది. చివరికి సంస్థ 84 మంది ఫలితాలు రద్దు చేసింది. ఆ ఫలితాలు ఏ విద్యాసంస్థలకు పంపారో వాటికీ కబురు వెళ్లింది. ప్రశ్నలు రాసిపెట్టినవారిని కనీసం మూడేళ్లు పరీక్ష రాయనివ్వలేదు. చూశామని తామే చెప్పుకున్నవారికి ఫలితం పోయింది గానీ మళ్లీ రాసుకునే వీలు దక్కింది. వెయ్యిమందిలో 84 మందే ఎందుకన్న ప్రశ్నకు జవాబు, సంస్థ డబ్బు కట్టడాన్ని మాత్రమే నేరంగా తీసుకోలేదు. అసలు ప్రశ్నలు చూశారనడానికి, లేదా పెట్టారనడానికి ఆధారం ఉన్నవారి మీదే చర్య తీసుకుంది.

రద్దు వేరు, నిషేధం వేరు

ఈ తేడా తెలుసుకోవలసిందే. ఫలితం రద్దు చేసేటప్పుడు సంస్థ సాధారణంగా 'మీరు మోసం చేశారు' అనదు. 'ఈ మార్కులు మీ పరిజ్ఞానాన్ని చూపుతున్నాయని మేం హామీ ఇవ్వలేం' అంటుంది. సర్టిఫికెట్ అనేది సంస్థ ఇచ్చే హామీ కాబట్టి, హామీ వెనక్కి తీసుకోవడానికి లెక్కలు చాలు. నిషేధం ఇంకా పెద్దది. అది మనిషి మీద వేసే ముద్ర. దానికి సాధారణంగా ఒకటికి మించిన ఆధారాలు కలవాలి: పాత, కొత్త ప్రశ్నల మధ్య తేడా, సమయం, తప్పుల పోలిక, కొనుగోలు చిట్టా, లేదా అదే మనిషి ముందు ఘోరంగా ఫెయిలై రెండు వారాల్లో నమ్మలేనంత పైకి లేవడం.

ఈ తేడా ఎంత గట్టిగా పనిచేస్తుందో 2024లో నేపాల్ వైద్యులకు తెలిసివచ్చింది. అమెరికాలో వైద్యం చేయాలంటే రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షను ఆంధ్ర, తెలంగాణల్లో ఎంబీబీఎస్ చదివినవారు కూడా ఏటా రాస్తుంటారు. నేపాల్‌తో సంబంధం ఉన్న కొందరి ఫలితాల్లో అసాధారణమైన ధోరణి కనిపించిందని ఆ పరీక్ష సంస్థ 2024 జనవరి 31న ప్రకటించింది. ఎనిమిది వందల మందికి పైగా వైద్యుల ఫలితాలు చెల్లకుండా పోయాయి. అప్పటికే కొందరు అమెరికా ఆసుపత్రుల్లో శిక్షణలో ఉన్నారు, ఇంకొందరు సీటు కోసం ఎదురుచూస్తున్నారు. మళ్లీ పరీక్ష రాసి నిరూపించుకోవచ్చు, లేదా పునఃపరిశీలన కోరవచ్చని వారికి చెప్పారు. దేశాన్ని బట్టి వివక్ష చూపారంటూ ఒక వైద్యురాలు వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఫలితాలను తక్షణం పునరుద్ధరించాలన్న అభ్యర్థనను కోర్టు అంగీకరించలేదు.

ఆ ఎనిమిది వందల మందిలో నిజంగా చదివి రాసినవారు ఒక్కరూ లేరని ఎవరూ చెప్పలేరు. లెక్కలకు ఉన్న పరిమితి ఇదే. అవి అవకాశాల గురించి మాట్లాడతాయి, మనసులో ఏముందో చెప్పవు. కోచింగ్ సెంటర్ ఇచ్చిన 'మోడల్ పేపర్' నిజానికి లీకైన పేపరని తెలియక సాధన చేసినవాడి జవాబులు కూడా, తెలిసి చేసినవాడి జవాబుల్లాగే ఉంటాయి. లెక్క ఇద్దర్నీ విడదీయలేదు. అందుకే తెలియక వాడానన్న మాట అప్పీలులో పెద్దగా నిలవదు. ఆ మార్కులు నమ్మదగినవి కావన్న సంస్థ వాదన అప్పటికీ అలాగే ఉంటుంది మరి.

నిషేధం పడ్డాక వేరే మెయిల్ ఐడీతో మళ్లీ నమోదు చేసుకోవచ్చని కొందరు సలహాలిస్తారు. పరీక్షకు ఇచ్చే పేరు ప్రభుత్వ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, ఫొటో తీస్తారు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొట్టి అక్షరంగా ఉండడం వల్ల ఒకే మనిషికి పొరపాటున రెండు ఖాతాలుండడం తెలుగువాళ్లలో మామూలే. పొరపాటైతే సంస్థకు రాసి కలిపించుకోవచ్చు. నిషేధం తప్పించుకోవడానికి తెరిచిన రెండో ఖాతా మాత్రం ఇంకో ఉల్లంఘన. ఇక డిజిటల్ బ్యాడ్జి సంస్థ సర్వర్‌లో ఉంటుంది గానీ మీ గోడ మీద కాదు. రద్దయిన రోజున ఆ లింకు నొక్కిన హెచ్ఆర్‌కు చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ కనబడదు. క్లౌడ్ కంపెనీలతో భాగస్వామ్యం ఉన్న ఐటీ సంస్థలకు తమ దగ్గర ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులుండాలన్న నిబంధన ఉంటుంది కాబట్టి, ఒకరి సర్టిఫికెట్ పోతే లెక్క కంపెనీకి కూడా తగ్గుతుంది.

చేతిలో ఉన్నది మోడల్ పేపరా, డంపా

గుర్తుపట్టడం అంత కష్టం కాదు. 'అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు', 'పోయిన వారమే అప్‌డేట్ చేశాం', 'వంద శాతం పాస్ గ్యారంటీ' అన్న మాటల్లో ఒక్కటి కనబడినా అది డంపే. సాధన పరీక్ష తయారుచేసినవారెవరూ ఇవే ప్రశ్నలు వస్తాయని చెప్పరు, రావనే చెబుతారు. జవాబు ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో వివరణ ఉంటుంది. డంప్‌లో 'సి' అని మాత్రమే ఉంటుంది. కొన్నిచోట్ల అదే ప్రశ్నకు జవాబు బీయా సీయా అని చదివేవాళ్లు ఓట్లు వేసుకుంటూ కనబడతారు. ప్రశ్న రాసినవాడికి జవాబు తెలియకుండా ఉంటుందా? తెలియలేదంటే ఆ ప్రశ్న రాసింది అతను కాదు, ఎక్కడి నుంచో వచ్చింది.

డబ్బు కోసమైతే డంప్స్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ తన లెర్న్ సైట్‌లో సాధన పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. అమెజాన్ స్కిల్ బిల్డర్‌లో ప్రతి పరీక్షకూ కొన్ని ఉచిత ప్రశ్నలున్నాయి. ఏ అధ్యాయం నుంచి ఎంత శాతం వస్తుందో చెప్పే పరీక్ష మార్గదర్శిని కూడా ఉచితమే.

పరీక్ష ఇంకా రాయనివాళ్లకు తెలియకుండా డంప్స్ చేతికొచ్చి ఉంటే అక్కడే ఆపి, తేదీ వెనక్కి జరుపుకోవడం మంచిది. గడువుకు ముందు మార్చుకుంటే చాలా సంస్థలు అదనంగా ఏమీ తీసుకోవు. ఈలోగా పాత ప్రశ్నల జవాబులు మరుగున పడతాయి, సబ్జెక్టు చదవడానికి సమయం దొరుకుతుంది. రాసేశాక మెయిల్ వస్తే అప్పీలు గడువు అందులోనే ఉంటుంది, అది దాటితే దారి మూసుకుపోతుంది. అప్పీలులో బతిమాలడం కన్నా ఏం చదివారు, ఏ కోర్సు చేశారు, ఆ పని ఎన్నాళ్లుగా చేస్తున్నారు అన్న ఆధారాలు పెట్టాలి. మళ్లీ పరీక్ష రాసి చూపించే అవకాశమిస్తే దాన్ని అవమానంగా తీసుకోకూడదు. నిజంగా చదివినవారు గెలవగలిగే వాదన అదొక్కటే, ఎందుకంటే ఆ రోజు వచ్చే ప్రశ్నలు ఏ పీడీఎఫ్‌లోనూ ఉండవు.